రూల్ వచ్చాక తగ్గింది సరే, రూల్ వల్లే తగ్గిందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో మూడు బ్రాంచీలున్న ప్రసూతి ఆసుపత్రి. నెలకు దాదాపు 600 మొదటి కాన్పులు జరుగుతాయి. మొదటి కాన్పుకు సిజేరియన్ చేయాలంటే ఇంకో సీనియర్ డాక్టర్ కూడా చూసి సంతకం పెట్టాలని 2023 జూలై 1న మూడు చోట్లా ఒకేసారి రూల్ పెట్టాం. ముందు 24 నెలల సగటు 57.1 శాతం, తర్వాత 18 నెలల సగటు 49.6. "రూల్ వల్ల ఏడున్నర శాతం తగ్గింది" అని రిపోర్ట్ రాయమంటున్నారు. పోల్చుకోవడానికి రూల్ లేని బ్రాంచి ఒక్కటీ లేదు. అలా రాయొచ్చా? నెలవారీ షీట్ పెడుతున్నాను.

సమాధానం:

ఏడున్నర అని రాయకండి. మీ షీట్ చూశాను. అందులో ఐదుకు పైగా పాయింట్లు రూల్ ఖాతాలో వేయాల్సినవి కావు. మిగిలిన దాంట్లో మాత్రం రూల్ పని చేసిందనడానికి ఆధారం ఉంది. ఎంతవరకు, ఎన్నాళ్లు అన్నదే అసలు చిక్కు.

ముందు ఒక పని చేయండి. రూల్ వచ్చిన తర్వాతి 18 నెలలను చేత్తో కప్పేసి, 2021 జూలై నుంచి 2023 జూన్ వరకు మాత్రమే చూడండి. మొదటి నెలలో 60 దగ్గర ఉన్న గీత నెలకు పావు పాయింట్ చొప్పున దిగుతూ 2023 జూన్‌కి 54కి కొంచెం పైన ఆగింది. అంటే రూల్ గురించి ఎవరూ అనుకోకముందే మీ దగ్గర సిజేరియన్లు తగ్గుతున్నాయి. ఎందుకన్నది మీకే తెలియాలి. కొత్త డాక్టర్లు వచ్చారేమో, నొప్పులు తెలియకుండా ఎపిడ్యూరల్ ఇవ్వడం పెరిగిందేమో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సిజేరియన్ల లెక్క 60.7 శాతం అని తేలాక ఊళ్లో చాలా ఆసుపత్రుల్లో ఈ మాట నలుగుతూనే ఉంది.

ఇప్పుడు ఆ గీతను అదే వాలుతో ముందుకు సాగదీయండి. రూల్ అనేదే లేకపోయినా 2023 జూలైలో 54.0 ఉండాలి, 2024 డిసెంబర్‌లో 49.75 ఉండాలి. ఈ 18 నెలల సగటు 51.9 వస్తుంది. ముందు 24 నెలల సగటు 57.1 కదా, అంటే ఏమీ చేయకుండా కూర్చున్నా ఐదుంపావు పాయింట్లు "తగ్గినట్టు" రిపోర్ట్‌లో కనిపించేది. ముందు, తర్వాత అని రెండు సగటులు తీసి తీసివేత చేస్తే జరిగేది ఇదే. దిగే ఎస్కలేటర్ మీద నిలబడినవాణ్ని చూసి మెట్లు దిగుతున్నాడనుకోవడం లాంటిది.

మీకు పోల్చుకోవడానికి వేరే బ్రాంచి లేదన్నారు. ఇంటరప్టెడ్ టైమ్ సిరీస్ పద్ధతిలో ఆ పాత్రను మీ ఆసుపత్రి గతమే పోషిస్తుంది. ముందున్న గీతను సాగదీస్తే వచ్చే అంకె "రూల్ లేకపోతే ఏమయ్యేది" అన్న ప్రశ్నకు జవాబు. నిజంగా వచ్చిన అంకెకూ దానికీ మధ్య తేడాయే రూల్ ప్రభావం. ఆ తేడాను రెండు ముక్కలుగా చూస్తాం: రూల్ వచ్చిన నెలలో గీత ఒక్కసారిగా ఎంత కిందికి పడింది, ఆ తర్వాత దాని వాలు ఎంత మారింది. దీనికి వాడే లెక్కను సెగ్మెంటెడ్ రిగ్రెషన్ అంటారు. పేరు పెద్దదే కానీ మూడే కాలమ్‌లు కావాలి. `time` అంటే 1 నుంచి 42 వరకు నెల నంబర్. `policy` రూల్‌కు ముందు 0, తర్వాత 1. `since` రూల్ వచ్చి ఎన్ని నెలలైందో చెబుతుంది, మొదటి నెలకు 0.

```r
library(nlme)
d$policy <- as.integer(d$time >= 25)
d$since  <- pmax(0, d$time - 25)
m <- gls(rate ~ time + policy + since, data = d,
         correlation = corAR1(form = ~ time))
intervals(m)
```

ఇక్కడ నేను ఒకప్పుడు తిన్న దెబ్బ చెబుతాను. `since` బదులు `time * policy` అని రాస్తే పని సులువనిపిస్తుంది, గీతలు కూడా అచ్చం అవే వస్తాయి. కానీ అప్పుడు `policy` దగ్గర కనిపించే అంకె రూల్ వచ్చిన నెలలోని పతనం కాదు. ఆ రెండో గీతను వెనక్కి సాగదీసి సున్నా నెల దగ్గర కొలిచిన తేడా అది. మీ డేటాతో అలా చేస్తే −9.0 వస్తుంది. నిజమైన పతనం −4.0. నా మొదటి ఉద్యోగంలో ఇలాంటి అంకెనే స్లైడ్ మీద పెట్టి, మీటింగ్‌లో ఒక నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రాఫ్ వైపు చూపించి "ఇక్కడ అంత పడలేదు కదా బాబూ" అనేదాకా గమనించలేదు. అప్పటి నుంచి మోడల్ చెప్పిన అంకెను గ్రాఫ్ మీద స్కేలు పెట్టి సరిచూడకుండా ఎవరికీ పంపను.

మీ షీట్‌తో వచ్చిన ఫలితం ఇది. రూల్ రాగానే గీత 4 పాయింట్లు పడింది, 54.0 ఉండాల్సిన చోట 50.0 అయింది. దీని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు అంకె ఉండగల పరిధి, సుమారు −6.5 నుంచి −1.5 దాకా ఉంది, సున్నాకు దూరంగానే ఉంది. వాలు మాత్రం నెలకు 0.2 పైకి మారింది. ముందు నెలకు పావు పాయింట్ దిగేది, ఇప్పుడు దాదాపు సమాంతరంగా సాగుతోంది. ఈ 0.2కి ఇంటర్వెల్ −0.02 నుంచి 0.42. అంటే సున్నా కూడా అందులోనే ఉంది. నెలలు పెరిగితే తేలుతుంది, ఇప్పటికైతే అనుమానమే. మొత్తం 18 నెలల మీద సగటు తీస్తే రూల్ ప్రభావం దాదాపు 2.3 పాయింట్లు. మీ రిపోర్ట్‌లోని 7.5తో పోల్చి చూడాల్సిన అంకె ఇదీ.

ఇంటర్వెల్స్ ఎందుకింత వెడల్పుగా ఉన్నాయని డైరెక్టర్ గారు అడుగుతారు. నెలకు 600 కాన్పుల్లో సగానికి సగం సిజేరియన్లయితే, ఏ మార్పూ లేకుండా కేవలం కాకతాళీయంగానే ఆ శాతం నెలనెలా అటూ ఇటూ మామూలుగా 2 పాయింట్లు, అప్పుడప్పుడు 4 దాకా ఊగుతుంది. ఒక నెలలో 52 వచ్చి మరుసటి నెలలో 49 వస్తే సంబరపడాల్సిందేమీ లేదు. ఇక `corAR1` ఎందుకు పెట్టానంటే, పక్కపక్క నెలలు ఒకదాని ప్రభావం ఒకటి మోస్తాయి. ఒక నెలలో డ్యూటీ డాక్టర్లు తక్కువగా ఉంటే మరుసటి నెలలోనూ తక్కువే. దీన్ని పట్టించుకోకపోతే ఇంటర్వెల్స్ లేనిపోని సన్నగా వచ్చి, లేని ధైర్యం ఇస్తాయి. మీ డేటాలో ఈ సంబంధం చాలా తక్కువగా ఉంది కాబట్టి ఫలితం పెద్దగా మారలేదు.

ఇప్పుడు ఆ 0.2 సంగతి. మీ షీట్‌లో ఎక్కువసేపు ఆలోచించాల్సింది దీని గురించే. 2024 డిసెంబర్‌లో రూల్ లేకపోయినా 49.75 ఉండేదని పాత గీత అంటోంది. కొత్త గీత 49.15 దగ్గర ఉంది. అంటే ఇప్పటికి మిగిలిన తేడా 0.6. దీన్ని చూసి "రూల్ మొదట్లో పని చేసింది, తర్వాత సంతకం మొక్కుబడి అయిపోయింది" అని చెప్పడం తేలిక. అది నిజం కావచ్చు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే సీనియర్ డాక్టర్ "పెట్టేయండమ్మా, పొద్దున సంతకం చేస్తా" అనే పరిస్థితి వస్తే అచ్చం ఇలాంటి గీతే వస్తుంది.

కానీ ఇంకో వివరణ కూడా అంతే గట్టిది. పాత గీత నెలకు పావు చొప్పున ఎప్పటికీ దిగుతూనే ఉంటుందని మనం అనుకున్నాం. నిజానికి అలా దిగుతూ పోవడం సాధ్యం కాదు. బిడ్డ అడ్డంగా ఉన్నవాళ్లు, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పినవాళ్లు, గుండె చప్పుడు పడిపోయిన బిడ్డలు, వీళ్లకు సిజేరియన్ తప్పదు. తేలిగ్గా తగ్గించగలిగినవి ముందే తగ్గిపోతాయి, ఆపైన వాలు తనంతట తానే చదునవుతుంది. అలాగైతే రూల్ లేకపోతే 2024 డిసెంబర్‌లో 49.75 కాదు, ఏ 52 దగ్గరో ఆగిపోయి ఉండేదేమో. అప్పుడు రూల్ ప్రభావం చెక్కుచెదరకుండా ఉన్నట్టే.

మోడల్ ఈ రెంటినీ విడదీయలేదు. గీతను ఎంత దూరం సాగదీస్తే ఊహ అంత బలహీనమవుతుంది. మీ డేటాలో రూల్ వచ్చిన నెల దగ్గర తేడాను రెండున్నర పాయింట్లు అటూ ఇటూగా చెప్పగలిగితే, 18వ నెల దగ్గర అది నాలుగు పాయింట్లు అటూ ఇటూ అయిపోతుంది. అక్కడ 0.6 అన్న అంకెకు అర్థమే లేదు. అందుకే పతనం గురించి ధైర్యంగా, వాలు గురించి ఆచితూచి రాయాలంటున్నాను.

వాలు మీద అనుమానానికి మరో కారణం, ఆ 18 నెలల్లో ఊళ్లో వేరే విషయాలూ జరిగాయి. 2023 డిసెంబర్ 9నే చూడండి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది, అదే రోజు ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆ డిసెంబర్ నుంచి ఏ ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలోనైనా ఆడవాళ్ల సంఖ్య మారిందనుకోండి, అది బస్సు వల్లా ఆరోగ్యశ్రీ వల్లా అన్నది ఆ ఒక్క గీతను ఎంత పిండినా తేలదు. రెండు మార్పులు ఒకే రోజు వస్తే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. మీ అదృష్టం, మీ రూల్‌కూ దీనికీ ఐదు నెలల తేడా ఉంది, కాబట్టి జూలైలో పడిన 4 పాయింట్లను ఇది వివరించలేదు. కానీ డిసెంబర్ తర్వాత మీ దగ్గరికి వచ్చే గర్భిణుల్లో ఏదైనా తేడా వచ్చి ఉంటే అది వాలులో కలిసిపోతుంది.

కాబట్టి జూలై పతనానికి పోటీదారు ఎవరా అని వెతకాలి. 2023 జూన్, జూలైల్లో ఇంకేం మారింది? కొత్త కన్సల్టెంట్ చేరారా, ఎవరైనా వెళ్లిపోయారా, ప్యాకేజీ రేట్లు మార్చారా? రిజిస్టర్‌లో "ఎమర్జెన్సీ", "ఎలెక్టివ్" అని రాసే తీరు మారినా చాలు. ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటర్‌లో దొరకదు, లేబర్ రూమ్‌లో టీ తాగుతూ అడగాలి.

ఇంకోటి, రూల్ ఎందుకు పెట్టారు? ఒకటి రెండు నెలల్లో శాతం విపరీతంగా పెరిగి, ఎవరో కోప్పడి రూల్ పెట్టిస్తే, ఆ తర్వాత ఏం చేయకపోయినా అది మామూలు స్థాయికి దిగుతుంది. మీ ఏప్రిల్, మే, జూన్ అంకెలు గీత మీదే ఉన్నాయి, పైకి ఎగిరినవి కావు. ఆ భయం లేదు.

తేదీ విషయంలో మాత్రం జాగ్రత్త. రూల్ అమల్లోకి వచ్చిన తేదీ డేటా చూడకముందే తెలియాలి. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రికి ఇలాంటి పనే చేసి పెట్టాను. సర్క్యులర్ ఏప్రిల్‌లో వచ్చింది, అంకెలు జూన్‌లో బాగా పడ్డాయి. "అసలు అమలు జూన్‌లోనే మొదలైంది లెండి, అక్కడ పెట్టండి" అన్నారు. మేలో అమలైనట్టు వాళ్ల సొంత మినిట్స్‌లోనే ఉంది. పతనం ఎక్కడ పెద్దగా కనిపిస్తే అక్కడ గీత విరిస్తే, ఉత్త యాదృచ్ఛికమైన ఊగిసలాటలో కూడా ఏదో ఒక చోట "ప్రభావం" దొరుకుతుంది. మీకు జూలై 1 అని స్పష్టంగా ఉంది, అలాగే ఉంచండి. మొదటి నెల సర్దుకోవడానికి పోయిందని డాక్టర్లు అంటే జూలైని లెక్కలోంచి తీసేసి ఇంకోసారి చేయండి, రెండు ఫలితాలూ చూపించండి.

ముహూర్తాల సంగతి అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. 2023లో జూన్ 19 నుంచి జూలై 17 దాకా ఆషాఢం, ఆ వెంటనే ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం. "మంచి రోజులు లేక సిజేరియన్లు తగ్గాయి, మీ రూల్ వల్ల కాదు" అనొచ్చు. నాకైతే ఇది నెలవారీ డేటాలో పెద్ద అడ్డంకిగా అనిపించదు. ముహూర్తం కోసం కాన్పును ఒకటి రెండు రోజులో, వారమో జరుపుతారు గానీ రెండు నెలలు ఆపలేరు కదా. వారాల డేటాతో చేసి ఉంటే మాత్రం అమావాస్య వారం, దశమి వారం అంటూ గీత గంతులేసేది. పైగా అధిక మాసం ఏటా రాదు, తిథులు ఇంగ్లీషు నెలలతో కలిసి నడవవు, కాబట్టి జనవరి, ఫిబ్రవరి అని నెలకో 0/1 కాలమ్ పెట్టినా వాటిని పట్టలేం. రూల్‌కు ముందున్న రెండేళ్ల డేటాతో పన్నెండు నెలలకూ విడివిడిగా సీజన్ సర్దుబాటు చేయబోతే మోడల్‌కు ఊపిరాడదు. మీ గీతలో ఏటా ఒకే నెలలో లేచే గుట్టలేవీ లేవు, వదిలేయండి.

వేరే బ్రాంచి లేకపోయినా మీ రికార్డుల్లోనే ఒక మంచి సాక్షి ఉంది. రూల్ మొదటి కాన్పుకే వర్తిస్తుంది. ఇంతకుముందు సిజేరియన్ అయి, రెండో కాన్పుకు వచ్చినవాళ్ల సంగతి రూల్‌లో లేదు. కాన్పులను గ్రూపులుగా విడదీసే రాబ్సన్ వర్గీకరణ రాస్తుంటే వీళ్లు అయిదో గ్రూపు. రూల్ వర్తించాల్సింది ప్రధానంగా ఒకటి, రెండు గ్రూపులకు: మొదటి కాన్పు, నెలలు నిండి, ఒకే బిడ్డ తల కిందికి ఉన్నవాళ్లు. నొప్పులు వాటంతటవే మొదలైతే ఒకటో గ్రూపు, నొప్పులు తెప్పించినా నొప్పులకు ముందే కోసినా రెండో గ్రూపు. ఇదే మోడల్‌ను అయిదో గ్రూపు మీద నడపండి. అక్కడ జూలైలో పతనం లేకుండా, ఒకటి రెండు గ్రూపుల్లో ఉంటే మీ వాదన బలపడుతుంది. అక్కడా నాలుగు పాయింట్లు పడి ఉంటే ఆసుపత్రి మొత్తాన్ని కదిపిన ఇంకేదో ఉందన్నమాట, సంతకం రూల్‌కు ఆ పేరు ఇవ్వలేం.

మొదటి కాన్పుల మొత్తం సంఖ్యను కూడా అలాగే గీసి చూడండి. ముందే తేదీ పెట్టించుకుని సిజేరియన్ చేయించుకోవాలనుకునే కుటుంబాలు "ఇక్కడ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలట" అని వేరే ఆసుపత్రికి వెళ్లిపోతే, డాక్టర్లు ఒక్క నిర్ణయం మార్చుకోకపోయినా మీ శాతం పడుతుంది. జూలైలో 600 కాస్తా 560 అయి ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి. షీట్‌లో మీరు శాతాలే ఇచ్చారు, నెలవారీ సంఖ్యలు లేవు, అందుకే నేను చూడలేకపోయాను. రెండో గ్రూపు ఒక్కటే చిక్కిపోయినా ఇదే అనుమానం.

రిపోర్ట్‌లో ఈ వాక్యం రాయండి: "2023 జూలైకి ముందే సిజేరియన్ల శాతం నెలకు 0.25 చొప్పున తగ్గుతోంది. రూల్ వచ్చిన నెలలో ఆ ధోరణి కన్నా అదనంగా 4 పాయింట్లు (1.5 నుంచి 6.5) తగ్గింది. ఈ అదనపు తగ్గుదల 2024 చివరిదాకా నిలిచిందో లేదో ప్రస్తుత డేటాతో చెప్పలేం." యాజమాన్యానికి 7.5 కన్నా ఇది తక్కువగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఏ కాన్ఫరెన్స్‌లోనైనా ఎవరైనా పాత 24 నెలల గ్రాఫ్ గీసి చూపించమంటే నిలబడేది ఇదొక్కటే.

వాలు సంగతి తేలాలంటే మోడల్‌ను ఇంకా సానపట్టక్కర్లేదు, సంతకాల రిజిస్టర్ తీయండి. నెలనెలా రెండో డాక్టర్ దగ్గరికి ఎన్ని కేసులు వెళ్లాయి, వాటిలో ఎన్నింటికి "ఇంకొంచెం ఆగి చూద్దాం" అన్నారు, ఎన్ని సంతకాలు ఆపరేషన్ అయ్యాక పడ్డాయి, ఈ మూడూ లెక్కపెట్టండి. 2023 ఆగస్టులో వందకు పదిహేను కేసులు ఆపినవాళ్లు 2024 ఆగస్టులో ఒక్కటీ ఆపకపోతే రూల్ కాగితానికే మిగిలిందన్నమాట. అప్పుడూ ఇప్పుడూ అంతే ఆపుతున్నారంటే, పాత గీత తనంతట తానే చదునైపోయి ఉంటుందన్న వివరణ వైపు నేను మొగ్గుతాను. ఆ మూడు కాలమ్‌లు, నెలవారీ కాన్పుల సంఖ్యలు పెట్టండి, ఇంకోసారి చూస్తాను.